ఫ్యూజు, ఎంసీబీ, మా ఆవిడ డబ్బా

నాకు గర్వం ఎక్కువని మావాళ్ళంతా అంటారు. అననివ్వండి. మల్కాపురంలో మేము ఇల్లు కట్టుకున్నప్పుడు ఆ వీధిలో అందరికంటే అందమైన ఇల్లు మాది కాదు, పెద్దదీ కాదు. కానీ మా ఇంటి కరెంటు బోర్డు లాంటిది ఆ చుట్టుపక్కల ఏ ఇంట్లోనూ లేదు. ఆ మాట ఇప్పటికీ ఎవరి ముందైనా చెబుతాను.

నేను పోర్టులో క్రేన్ల మెయింటెనెన్సులో ఎలక్ట్రీషియన్‌ని. మా నాన్న గోదావరి జిల్లా నుంచి ఇక్కడికి కూలికి వచ్చి పోర్టులో కుదిరాడు, ఆయన వెనకాల నేను. మా ఆవిడది ఇక్కడే. మాటలో ఆవిడది ఈ ఊరి యాస, నాది ఇంకా కొంచెం మా నాన్న యాస. పెళ్ళయిన కొత్తలో ఆవిడ మాట్లాడే వేగానికి నాకు సగం అర్థమయ్యేది కాదు. ఇప్పుడు పూర్తిగా అర్థమవుతుంది, అందుకే చాలాసార్లు మాట్లాడకుండా ఊరుకుంటాను.

సొంత ఇంటికి ముందు మేమున్నది ఒక అద్దె ఇల్లు. మీటరు దగ్గర తెల్లటి పింగాణీ ఫ్యూజు ఒకటే ఉండేది, దానిదే ఇల్లంతటి భారం. లోపల సన్నని తీగ ఉంటుంది. కరెంటు ఎక్కువైతే ముందు ఆ తీగ కరిగి తెగాలి, ఇంట్లోని మిగతా తీగలు బతకాలి. దాని ఉద్యోగం అంతే. మా ఓనరు పెద్దమనిషికి చీటికీమాటికీ ఫ్యూజు పోవడం నచ్చేది కాదు. ఇస్త్రీ పెట్టె వేస్తే పోతుంది, హీటరు వేస్తే పోతుంది అని ఒకసారి ఏదో పాత వైరు ఒలిచి, రాగి పోగులు నాలుగు కలిపి మెలేసి అందులో బిగించాడు. ఇక ఈ జన్మలో పోదన్నాడు. నిజమే, ఫ్యూజు పోలేదు. ఒక చలికాలం పొద్దున హీటరూ ఇస్త్రీ పెట్టే కలిసి నడుస్తుంటే గోడ మీద చెక్కపట్టీ వెంబడి వైరు కాలి నల్లగా పొగ వచ్చింది. నేను మెయిన్ స్విచ్చు దించి నీళ్ళు పొయ్యకుండా ఇసుక కొట్టాను. అప్పుడు కూడా ఆ ఫ్యూజు చెక్కుచెదరకుండా కూర్చునే ఉంది. నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఓనర్ని నిలబెట్టి కడిగేశాను, నెల తిరిగేసరికి ఖాళీ చేశాం.

అందుకని సొంత ఇల్లు అనగానే పునాది కంటే ముందు నేను బోర్డు బొమ్మ గీసుకున్నాను. తొంభైల చివరి మాట ఇది. మీటరు పక్కన డిపార్ట్‌మెంటు వాళ్ళ ఫ్యూజు ఎలాగూ ఉంటుంది. ఇంట్లోకి వచ్చాక గదికొకటి చొప్పున ఎంసీబీలు పెట్టాను. అవి ఫ్యూజు చేసే పనే చేస్తాయి, తెలివిగా చేస్తాయి. లోడు ఎక్కువైతే కాసేపు చూసి, పిన్ను కిందికి పడి కరెంటు ఆపేస్తాయి, రెండు తీగలూ ఒకదానికొకటి తగిలితే చూడకుండానే పడతాయి. మళ్ళీ పిన్ను పైకి లేపితే చాలు, తీగ కట్టే పని లేదు, రాగి పోగులు దూర్చి మోసం చేసే సందు కూడా లేదు. చేత్తో పిన్ను పైకి నొక్కి పట్టుకున్నా లోపల మాత్రం అది పడిపోయే ఉంటుంది. మా ఆవిడకి ఈ సంగతి భలే నచ్చింది. మొగాడు డ్యూటీ నుంచి వచ్చేదాకా చీకట్లో కూర్చోనక్కర్లేదంది.

ఆవిడకి నచ్చనిది మూడోది. ఎంసీబీలకి ముందు, మెయిన్ స్విచ్చు తర్వాత, కొంచెం వెడల్పుగా ఒక పిన్నూ ఒక చిన్న బటనూ ఉన్న పెట్టె. ఈఎల్‌సీబీ. ఆ పేరు ఆవిడ నోట ఎప్పుడూ రాలేదు. డబ్బా అనేది.

ఆవిడ ఏం చేసేదో చెప్పాలి. ఇంటి వెనక వరండాలో పెద్ద గ్రైండరు పెట్టి వీధికంతటికీ ఇడ్లీ పిండి, దోసె పిండి రుబ్బేది. రిఫైనరీ షిఫ్టు వాళ్ళూ పోర్టు షిఫ్టు వాళ్ళూ ఉన్న వీధి, పొద్దున్నే టిఫిను కట్టుకుని వెళ్ళాలి. ఎవరి గిన్నె వాళ్ళు సాయంత్రం ఇచ్చి వెళ్తారు, పొద్దున రుబ్బగానే పిండితో వాళ్ళింటికి చేరుతుంది, మర్నాటి టిఫినుకి వాళ్ళు వేరే దాంట్లో వంచుకుని పులియబెట్టుకుంటారు, మళ్ళీ సాయంత్రం గిన్నె తిరిగి వస్తుంది. ఏ గిన్నె ఎవరిదో మా ఆవిడకి కంటిచూపుతో తెలుసు. ఆ పిండికి పేరుంది. గ్రైండరు రాయిని ప్రతిసారీ బకెట్టు నీళ్ళతో కడిగిగానీ పప్పు వేసేది కాదు. వాసన రాని పిండి కావాలంటే ఆవిడే.

మా కుళాయికి పొద్దున్నే నీళ్ళు వచ్చేవి. నీళ్ళు రాగానే ఆవిడ గ్రైండరు కడిగి, పప్పు వేసి, స్విచ్చు వేసేది. వానాకాలం మొదలయ్యాక ఒకరోజు అలా వెయ్యగానే బోర్డులో టక్కున చప్పుడై ఇల్లంతా ఆగిపోయింది. ఎంసీబీలన్నీ పైకే ఉన్నాయి. పడింది డబ్బా. లేపితే మళ్ళీ పడింది. గంట పోయాక లేపితే నిలబడింది. ఆ తర్వాత వారంలో రెండు మూడు పొద్దులు ఇదే వరస. నడిమధ్యలో పప్పు, నడివీధిలో గిన్నెలవాళ్ళు.

ఇది కరెంటు కారుతోందన్న మాట అని నాకు తెలుసు. ఎక్కడో చెప్పలేకపోయాను. ఆదివారం సెలవు చూసుకుని ఒక్కొక్క వస్తువూ పీకి, ఒక్కొక్కటీ పెట్టి చూశాను. గ్రైండరుతో సహా అన్నీ బుద్ధిగా నడిచాయి. ఆ రోజు ఎండ కాసి అన్నీ పొడిగా ఉన్నాయి మరి. గ్రైండరు మీద అన్ని నీళ్ళు గుమ్మరించొద్దని ఆవిడ మీద కేకలేశాను. కడక్కుండా ఎలా రుబ్బుతారో చూపించమని ఆవిడ నా మీద కేకలేసింది. డబ్బా తీసిపారెయ్యమంది. అది లేని ఇళ్ళల్లో మనుషులు బతకడం లేదా అంది. ఫ్యూజు ఉంది, ఎంసీబీ ఉంది, కాపలాకి ఇద్దరు చాలరా అంది.

అప్పుడు నేను ఒక మంచి మాట చెప్పాను. మంచి మాటని ఎందుకంటున్నానంటే అది నాకు అంత తేలిగ్గా దొరికేది కాదు.

"ఆ రెండూ గోడలో తీగని కాస్తాయి," అన్నాను. "మనిషిని కాసేది ఇదొక్కటే. నీకు షాకు కొట్టిందనుకో, నిన్ను చంపేంత కరెంటు నీ ఒంట్లోంచి పోయినా ఫ్యూజుకి అది లెక్కలోకే రాదు. దానికి అది ఒక చిన్న బల్బంత కూడా కాదు."

మరి డబ్బాకి ఎలా తెలుస్తుందని అడిగింది. ఆవిడ గిన్నెలనే చూపించాను. పొద్దున వెళ్ళిన గిన్నెలన్నీ సాయంత్రానికి తిరిగి రావాలి కదా, ఒక్కటి తక్కువైనా నువ్వు ఊరుకోవు కదా అన్నాను. డబ్బా కూడా అంతే. ఒక తీగలో ఎంత కరెంటు ఇంట్లోకి వెళ్ళిందో రెండో తీగలో అంతా తిరిగి రావాలి. కొంచెం తక్కువొచ్చిందంటే అది దారి తప్పి నేలలోకో మనిషిలోంచో పోతున్నట్టే, వెంటనే కట్టేస్తుంది. అలాగని అది అన్నీ చూసుకోదు. లోడు ఎక్కువైతే దానికి పట్టదు, అది ఎంసీబీ పని. నువ్వు రెండు తీగలూ రెండు చేతుల్తో పట్టుకుని చెక్కపీట మీద కూర్చున్నా దానికి తెలియదు, ఎందుకంటే వెళ్ళినంతా తిరిగొస్తుంది. అందుకే ముగ్గురూ ఉండాలన్నాను.

ఆవిడ విని, బాగానే ఉందిగానీ వచ్చే వారం పిండి ఎవరు రుబ్బుతారని అడిగింది.

ఆ మాట ఊరికే అడగలేదు. ఎదురింటి నర్సమ్మగారి కూతురి పెళ్ళి దగ్గరకొచ్చింది. నర్సమ్మగారంటే ఆసుపత్రిలో నర్సు, క్రైస్తవులు, మా ఆవిడకి అక్క వరస అయిపోయారు. చర్చిలో పెళ్ళికి ముందు చుట్టాలందరికీ పొద్దున టిఫిను. ఆ పిండి మొత్తం తానే రుబ్బి ఇస్తానని మా ఆవిడ మాటిచ్చింది. హోటలు పిండి తెప్పించుకుంటామన్నా ఒప్పుకోలేదు. పెళ్ళికి ముందురోజు పొద్దున రుబ్బాలి, రాత్రికి పులియాలి. ఆ పొద్దున డబ్బా పడిందా, ఆవిడ మాట పోతుంది. మా ఆవిడకి మాట పోవడమంటే ఏమిటో నాకు తెలుసు. నా గర్వం నలుగురికీ కనబడుతుంది. ఆవిడది కనబడదు, కానీ నాదానికంటే ఒక పిడికెడు ఎక్కువే.

నాకేమో ఆ వారం బెర్తులో ఓడలు ఆగి ఉన్నాయి, క్రేను ఒకటి మొరాయించింది, డ్యూటీ దిగడానికి లేదు. పెళ్ళయ్యాక గ్రైండరు విప్పి చూస్తానన్నాను. ఆవిడ సరేనని వాళ్ళ తమ్ముడికి కబురుపెట్టింది.

మా బావమరిది ఫిషింగ్ హార్బర్‌లో ఒక ఐసు ఫ్యాక్టరీలో మెకానిక్కు. పని తెల్లారకముందే మొదలు. బోట్లు వచ్చి నిలబడితే ఐసు ఉండాలి, మిషను ఎందుకాగిందో తర్వాత చూసుకోవచ్చు, ముందు తిరగాలి. ఆ పద్ధతిలో మంచి పనివాడు. ఆగిపోయినదాన్ని తిప్పడంలో వాడికి సాటి లేదు, దాన్ని నేను కాదనను. ఒక పూట నేను డ్యూటీలో ఉండగా వచ్చి, పది నిమిషాలు గ్రైండరు దగ్గర కూర్చుని లేచి, అయిపోయింది అక్కా అని వెళ్ళాడట. ఆ రోజు నుంచి డబ్బా పడటం మానేసింది. ఆవిడ గ్రైండరు ఎంత కడిగినా పడలేదు.

నేను ఇంటికి వచ్చి విన్నాను. నాకు సంతోషం కలగలేదు. దగ్గుతున్న మనిషి మందు లేకుండా టక్కున దగ్గు మానేస్తే ఎలా ఉంటుందో అలా అనిపించింది. బటను నొక్కి చూశాను, డబ్బా టక్కున పడింది, అంటే అది బాగానే ఉంది. గ్రైండరు ప్లగ్గు చూశాను, మూడు పిన్నులూ ఉన్నాయి. కింద ఒక మందపాటి చెక్క కొత్తగా కనబడింది. అదురుడు తగ్గడానికి తమ్ముడు పెట్టాడంది. ఏం చేశాడో వాణ్ణే అడుగుదామనుకున్నాను.

పెళ్ళికి ముందురోజు పొద్దున. నాకు జనరల్ షిఫ్టు, ముందు గదిలో ఫ్యాను కింద బూట్లు తుడుచుకుంటున్నాను. బావమరిది పెద్ద గిన్నెలు మోసుకొచ్చాడు, అక్కకి సాయమని. ఆ రోజు కుళాయికి నీళ్ళు ధారగా వచ్చి వరండా అంతా తడిసింది. చెప్పులు జారుతున్నాయని మా ఆవిడ విడిచేసింది. గ్రైండరు తిరుగుతున్న చప్పుడు నాకు వినిపిస్తోంది.

ఉన్నట్టుండి ఒక కేక, వెంటనే బోర్డులో టక్కున చప్పుడు, నా తల మీద ఫ్యాను నెమ్మదించడం. ఈ మూడూ ఒక్కసారే జరిగాయి. నేను పరుగెత్తేసరికి మా ఆవిడ తడినేల మీద వెనక్కి కూలబడి, ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకుని ఉంది. గ్రైండరు అంచు మీద చెయ్యి వేసిందట. మొహం తెల్లబడిపోయింది. కానీ కళ్ళు తెరిచే ఉన్నాయి, నా వైపే చూస్తోంది. పేరు పెట్టి పిలిచాను. పలికింది. అప్పుడు నాకు ఊపిరి ఆడింది. నా జీవితంలో అంత భయపడింది అంతకుముందు లేదు, తర్వాత లేదు.

బావమరిది మొహంలో నెత్తురుచుక్క లేదు. వాడు బోర్డు దగ్గరికి పరుగెత్తి జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు.

"ఈ డబ్బాయే బావ, దీనివల్లే అక్కకి షాకు కొట్టింది," అన్నాడు. "నాను ముందే సెప్పినాను, దీన్ని తీసి డైరెక్టు సేసీమని."

నేను నోరు తెరిచేలోపే నేల మీద కూర్చున్న మా ఆవిడ మాట్లాడింది.

"ముట్టుకోకురా దాన్ని. నన్ను కొట్టింది గ్రైండరు. ఒదిలించింది డబ్బా. నువ్వు గ్రైండరుకి ఏటి సేసినావో అది సెప్పు ముందు."

ఇన్నేళ్ళ సర్వీసులో క్రేన్ల మీద ఎన్నో లోపాలు పట్టుకున్నాను. మీటర్లు పెట్టి, బొమ్మలు పరిచి, గంటలు కూర్చుని. దెబ్బ తిని నేల మీద కూర్చుని ఒక్క ఊపిరిలో లోపం ఎక్కడుందో చెప్పిన మనిషిని ఆవిడ ఒక్కదాన్నే చూశాను. ఆ క్షణం నాకు కోపమూ భయమూ అన్నీ పక్కకి పోయి, గర్వం ఒక్కటే మిగిలింది.

వాడు చెప్పాడు. ప్లగ్గు విప్పి లోపలి పచ్చ తీగ ఊడబీకి, టేపు చుట్టి, మడిచి, మళ్ళీ మూత బిగించాడట. పచ్చది ఎర్తు తీగ. అది ఉన్నంతకాలం గ్రైండరు ఒంటి మీదికి కారిన కరెంటు ఆ తీగ వెంట నేలలోకి పోయేది, డబ్బా చూసి పడేది. తీగ పీకేసరికి కారిన కరెంటుకి దారి లేదు. కింద చెక్క పెట్టడంతో ఆ ఉన్న కాస్త దారీ మూసుకుపోయింది. కరెంటు గ్రైండరు ఒంటి మీదే కూర్చుని, దారి ఇచ్చే మనిషి కోసం కాచుకుంది. చెప్పులున్నన్నాళ్ళూ ఆవిడ దారి ఇవ్వలేదు. ఆ పొద్దున వట్టికాళ్ళతో తడినేల మీద నిలబడి ఇచ్చింది. ఆవిడ ఒంట్లోంచి పోవడం మొదలైన మరుక్షణం డబ్బా లెక్క చూసుకుని కట్టేసింది. అది లేకపోతే ఫ్యూజూ ఎంసీబీ చూస్తూ కూర్చునేవి. వాటి తప్పు కాదు, వాటికి ఆ పని ఎవరూ చెప్పలేదు.

బావమరిది మీద చెయ్యెత్తబోయాను, ఆపుకున్నాను. వాడు అప్పటికే ఏడుస్తున్నాడు.

"ఐసు మిషన్ కాడ ఇలాగే తిప్పేత్తాం బావ," అన్నాడు. "అక్క మాట పోతాదనీసి సేసినాను."

కేకలు విని నర్సమ్మగారు వచ్చారు. కూతురి పెళ్ళి పనులన్నీ ఎక్కడివక్కడ వదిలేసి మా ఆవిడ నాడి చూసి, పైకి బాగానే ఉన్నా గుండె పరీక్ష చేయించాల్సిందేనని ఆటో ఎక్కించి తమ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆటోలో మా ఆవిడ పప్పు ఎక్కువసేపు నానిపోతుందని గొణుగుతూనే ఉందట. పిండి సంగతి మరిచిపొమ్మని నర్సమ్మగారు గట్టిగా చెప్పారట. మా ఆవిడ వినలేదు. గుండె బాగుందని డాక్టరు చెప్పేసరికి ఇద్దరూ ఇంటిదారి పట్టారు.

ఆవిడ వచ్చేలోపు నేను డ్యూటీకి సెలవు కబురు పంపి గ్రైండరు బోర్లా పడుకోబెట్టాను. మోటారులోకి వైరు దూరే రేకు కన్నం దగ్గర రబ్బరు బుష్షు ఎప్పుడో ఊడిపోయింది. అదురుడికి రేకు అంచు వైరు తోలుని కోస్తూ కోస్తూ రాగి దాకా వచ్చింది. పొడిగా ఉంటే తగలదు. కడిగిన నీళ్ళు అక్కడ చేరితే తగులుతుంది. ఆదివారం నాకు దొరకనిది ఇదే. దొంగ నీళ్ళున్నప్పుడే ఇంట్లో ఉంటాడన్న మాట. కొత్త వైరు, కొత్త బుష్షు, కొత్త ప్లగ్గు వేసి, పచ్చ తీగ గట్టిగా బిగించి, మోటారు రిపేరు షాపు పెట్టుకున్న స్నేహితుడి దగ్గర తీగలోంచి కరెంటు కారుతుందేమో కొలిచే మెగ్గరు తెచ్చి తీగకీ గ్రైండరు ఒంటికీ మధ్య చూశాను. ముల్లు పూర్తిగా అటు చివరికి వెళ్ళింది. బాగున్నట్టే. తడిపి మళ్ళీ చూశాను. అప్పుడూ బాగుంది. చెక్క తీసి అవతల పారేశాను.

బావమరిదికి మా ఆవిడ వస్తూనే శిక్ష వేసింది. గ్రైండరు తయారయ్యేదాకా నర్సమ్మగారి పెరట్లో పాత రుబ్బురోలు ఉంది, పప్పు అందులో రుబ్బమంది. ఐసు దిమ్మలు మోసే చేతులు పొత్రం ముందు నాలుగు తిప్పులకే బొబ్బలెక్కాయి. పెళ్ళికొచ్చిన చుట్టాలంతా చుట్టూ చేరి, అబ్బాయి బాగా రుబ్బుతున్నాడు, ఎక్కడి సంబంధం అని ఆట పట్టించారు. వాడు తలెత్తలేదు, ఆపనూ లేదు.

మధ్యాహ్నం గ్రైండరు దాని చోట దాన్ని పెట్టాం. స్విచ్చు నేను వేస్తానన్నాను. ఆవిడ పక్కకి జరగమంది. చెప్పులు వేసుకుంది. ముందు బోర్డు దగ్గరికి వెళ్ళి, ఎప్పుడూ ముట్టుకోని ఆ చిన్న బటను తనే నొక్కింది. డబ్బా టక్కున పడింది. మళ్ళీ పిన్ను లేపింది. తర్వాత ఎప్పటిలాగే బకెట్టు నీళ్ళతో రాయి కడిగింది. ఒక్క చుక్క తగ్గించలేదు. అప్పుడు స్విచ్చు వేసింది.

గ్రైండరు తిరిగింది. మేము ముగ్గురం బోర్డు చప్పుడు కోసం చెవులు పెట్టి నిలబడ్డాం. చప్పుడు రాలేదు. కాసేపటికి ఆవిడ నా వైపు తిరిగింది.

"గిన్నెలన్నీ తిరిగి వత్తన్నాయి," అంది.

మర్నాడు పొద్దున పెళ్ళివారంతా ఇడ్లీలు మళ్ళీ మళ్ళీ వేయించుకున్నారు. పిండిలో సగం ఎవరు రుబ్బారో చెప్పమని మా బావమరిదిని చుట్టాలు ఇంకోసారి ఆడుకున్నారు. ఆ నెల్లోనే వాడు నన్ను హార్బరు దగ్గరి వాళ్ళింటికి తీసుకెళ్ళి బోర్డు చూపించి, బావ, మాకూ ఒకటి పెట్టు అన్నాడు. పెట్టాను. ఎర్తు తీగ నేలలోకి దిగే గొయ్యి మాత్రం వాడిచేతే తవ్వించాను. బొగ్గూ ఉప్పూ వాడే పోశాడు. ఎండాకాలం అది ఎండిపోకుండా దాంట్లో నీళ్ళు పొయ్యడం ఇప్పటికీ మరిచిపోడు.

రెండువేలు దాటాక మేము పైన ఒక వాటా వేసి అద్దెకిచ్చాం. కొత్తగా దిగే వాళ్ళకి ఇల్లు చూపించే పని నాది, కుళాయి, పంపు, మేడమెట్లు. బోర్డు దగ్గరికి వచ్చేసరికి మా ఆవిడ నన్ను ఆపి ముందుకొస్తుంది. నేను గోడకి ఆనుకుని వింటాను. ఎంసీబీల వరస మీద వేలు పెట్టి, ఇవి పడితే ఎక్కువ వాడేసినారని, ఏదో ఒకటి కట్టేసి లేపుకోమని చెబుతుంది. మీటరు దగ్గరి ఫ్యూజు చూపించి, అది పోతే మీరు ఏ తీగా దూర్చొద్దు, డిపార్ట్‌మెంటు వాళ్ళొస్తారని చెబుతుంది. ఆ తర్వాత డబ్బా మీద చెయ్యి వేస్తుంది. నెలకోసారి ఆ బటను నొక్కి చూడాలంటుంది, నొక్కితే పడాలి, పడకపోతే అది నిద్రపోతన్నట్టే అంటుంది.

ఒకసారి ఒక స్టీలు ప్లాంటు కుర్రాడు, పెళ్ళాంతో కొత్తగా దిగినవాడు, మరి ఇది దానంతటది పడితే ఏం చెయ్యాలమ్మా, లేపుకోవచ్చా అని అడిగాడు.

"లేపకండి. ఇది పడిందంటే ఇంట్లో ఎవులికో దెబ్బ తగలబోతంది. కిందకొచ్చి పిలవండి," అంది.

సార్‌ని పిలుస్తామండీ, ఆయన పోర్టులో ఎలక్ట్రీషియన్ కదా అన్నాడు ఆ అబ్బాయి. మా ఆవిడ నా వైపు ఒకసారి చూసింది, మళ్ళీ అతని వైపు తిరిగింది.

"ఆయన్ని కాదు," అంది. "నన్ను పిలవండి."